గేటు రిజిస్టరులో దొరికిన తేదీ: ఒక ఇన్‌సైడర్ ట్రేడింగ్ కేసు

నేపథ్యం

హైదరాబాద్‌లో ఒక మధ్యస్థాయి మందుల కంపెనీకి నేను కంపెనీ సెక్రటరీగా, కంప్లయన్స్ అధికారిగా పనిచేసిన రోజుల్లో జరిగిన వ్యవహారం ఇది. కంపెనీని గానీ మనుషులను గానీ ఎవరూ గుర్తుపట్టకుండా కాలాన్ని, అంకెలను, కొన్ని వివరాలను మార్చాను. ఏ దశలో ఏమి ఆలోచించాము, ఎక్కడ పొరపాటు పడ్డాము అన్నది మాత్రం జరిగినది జరిగినట్టే రాస్తున్నాను. ఇన్‌సైడర్ ట్రేడింగ్ ఎలా పట్టుబడుతుందో బయటివారు రాసినవి చాలా ఉన్నాయి. స్టాక్ ఎక్స్ఛేంజి నుంచి లేఖ వచ్చిన తరువాత కంపెనీ లోపల ఏమి జరుగుతుందో రాసినవారు తక్కువ.

మా కంపెనీకి మూడు కర్మాగారాలు ఉండేవి. వాటిలో బల్క్ డ్రగ్స్ తయారుచేసే యూనిట్‌ను ఒక పెద్ద కంపెనీకి అమ్మాలన్న చర్చలు మొదలయ్యాయి. ఆ అమ్మకంతో మా అప్పులో సింహభాగం తీరిపోతుంది. అంటే ఈ వార్త బయటికి వచ్చిన రోజున షేరు ధర పెరగడం ఖాయం. స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2015లో తెచ్చిన ఇన్‌సైడర్ ట్రేడింగ్ నిబంధనలు ఇటువంటి వార్తనే దృష్టిలో పెట్టుకుని రాసినవి: అందరికీ అందుబాటులో లేనిది, వెల్లడైతే ధరను గణనీయంగా కదిలించేది. మా వృత్తిలో దీన్ని యూపీఎస్ఐ అంటాము. ఇక్కడ అప్రకటిత సమాచారం అని రాస్తాను.

నిబంధనల సారం రెండు మాటల్లో చెప్పవచ్చు. అప్రకటిత సమాచారం చేతిలో ఉన్నవారు ఆ షేర్లు కొనకూడదు, అమ్మకూడదు. విధి నిర్వహణకో, న్యాయమైన అవసరానికో తప్ప దాన్ని మరొకరికి చెప్పకూడదు. రెండోది చాలామంది మరిచిపోతారు. ఒక్క షేరూ కొనకపోయినా, ఒక్క రూపాయి లాభం రాకపోయినా, చెప్పడం దానంతట అదే ఉల్లంఘన.

ఘటనల క్రమం ఇది. కొనుగోలుదారుతో గోప్యత ఒప్పందం ప్రకటనకు పది వారాల ముందు జరిగింది. ఆ తరువాత వారు ధర ఏ శ్రేణిలో ఉండవచ్చో లేఖ రాశారు. ప్రకటనకు ముందు మిగిలిన చివరి ఐదు వారాలను ఒకటి నుంచి ఐదు వరకు లెక్కపెడతాను. మొదటి వారం మంగళవారం కొనుగోలుదారు బృందం కర్మాగారాన్ని చూసి వెళ్ళింది. మూడో వారం బుధవారం ప్రధాన షరతుల పత్రంపై సంతకాలు జరిగాయి. ఐదో వారం శుక్రవారం సాయంత్రం, మార్కెట్ మూసిన తరువాత, బోర్డు ఆమోదించింది. ఆ వెంటనే ఎక్స్ఛేంజీలకు తెలియజేశాము. 207 రూపాయల దగ్గర ఉన్న షేరు తరువాతి మూడు ట్రేడింగ్ రోజుల్లో 262కు చేరింది.

వచ్చిన లేఖ

ఆరు వారాల తరువాత ఎక్స్ఛేంజి నిఘా విభాగం నుంచి మెయిల్ వచ్చింది. అందులో మూడు విషయాలు అడిగారు. మొదటిది, చర్చలు మొదలైన రోజు నుంచి ప్రకటన దాకా తేదీలవారీ క్రమం. రెండోది, ఏ తేదీన ఎవరెవరికి ఈ సంగతి తెలుసో పాన్ నంబర్లతో జాబితా, దానితో పాటు ఆ పేర్లను మేము నమోదు చేసే డేటాబేస్ ప్రతి. మూడోది, వారు జతచేసిన 43 పేర్లలో ఎవరికైనా మా డైరెక్టర్లతో, ఉద్యోగులతో, సలహాదారులతో సంబంధం ఉందా అన్న ప్రశ్న.

ఈ లేఖ వచ్చిందంటే ఎవరో ఫిర్యాదు చేశారని మా యాజమాన్యం అనుకుంది. అటువంటిదేమీ అక్కర లేదు. ధరను బాగా కదిలించిన ప్రకటన ఏదైనా వచ్చినప్పుడు ఎక్స్ఛేంజి వెనక్కి తిరిగి చూస్తుంది. ప్రకటనకు ముందు ఎవరు కొన్నారు, ప్రకటన తరువాత ఎవరు అమ్మి లాభపడ్డారు, ఆ ఖాతా ఎప్పటి నుంచో నిద్రపోతూ ఆ వారమే మేల్కొందా, ఆ వ్యక్తి మామూలుగా కొనే మొత్తానికీ ఈసారి కొన్నదానికీ పొంతన ఉందా అని జల్లెడ పడుతుంది. కొనుగోళ్లు జరుగుతున్న రోజున ఏ హెచ్చరికా మోగకపోవచ్చు. వార్త వెలువడిన తరువాతే పాత లావాదేవీలకు అర్థం వస్తుంది. ప్రతి ఆర్డరూ పాన్‌తో, సమయంతో నమోదై ఉంటుంది కనుక వెనక్కి చూడడానికి ఎంత కాలం గడిచినా ఇబ్బంది లేదు.

మొదటి అంచనా: "ఇది ఆపరేటర్ల పనే"

మా ఫైనాన్స్ అధిపతి లేఖ చదవగానే, "ఇది ఆపరేటర్ల పనే మేడమ్, మనకేమీ సంబంధం లేదు" అన్నారు. షేరు ధరను కృత్రిమంగా ఆడించేవారిని మార్కెట్లో ఆపరేటర్లంటారు. ఆయన మాటకు ఆధారం లేకపోలేదు. నాలుగో వారం సోమవారం రెండు మూడు టెలిగ్రామ్ ఛానళ్ళలో మా షేరు పేరు పెట్టి, 260 లక్ష్యం అంటూ సందేశాలు వచ్చాయి. ఆ వారం వ్యాపారమైన షేర్ల సంఖ్య మామూలుకు మూడు రెట్లయింది. ధర 202 నుంచి 216కు ఎగబాకి, తరువాతి వారానికి 207కు దిగింది. సందేశాలు, గిరాకీ, ఎగుదల, దిగుదల అన్నీ చూస్తే మార్కెట్ మాయాజాలానికి అచ్చమైన నమూనా.

ఈ రెండు నేరాలను విడదీసి చూడడం ఇక్కడ అవసరమైంది. ధరను కృత్రిమంగా నడిపించడం 2003 నాటి మోసపూరిత వ్యాపార నిరోధక నిబంధనల కిందికి వస్తుంది. అందులో ఉండేది అబద్ధపు గిరాకీ. ఒకే గుంపులోని వారు తమలో తాము కొంటూ అమ్ముకుంటూ షేర్లను గుండ్రంగా తిప్పుతారు. ఒకరి కొనుగోలు ఆర్డరూ మరొకరి అమ్మకం ఆర్డరూ దాదాపు ఒకే క్షణంలో, ఒకే ధరకు, ఒకే సంఖ్యకు పడతాయి. లేదా పది ఇరవై షేర్లే కొంటూ ప్రతిసారీ చివరి ధర కన్నా కాస్త ఎక్కువ పెట్టి తెరమీద ధరను మెట్టుమెట్టుగా ఎక్కిస్తారు. అందుకే పరిశోధకులు ఎవరి లావాదేవీ ధరను ఎన్ని పైసలు పైకి నెట్టిందో ఒక్కొక్కటిగా కూడి చూస్తారు. మొత్తంలో పిసరంత కొన్నవాడు ధర పెరుగుదలలో పెద్ద వాటా తెచ్చాడంటే అతడి ఉద్దేశం షేర్లు కొనడం కాదని తేలిపోతుంది.

ఇన్‌సైడర్ ప్రవర్తన దీనికి పూర్తిగా తలకిందులు. రాబోయే వార్త నిజమని అతడికి తెలుసు. ధర తనంతట తానే పెరుగుతుంది కనుక ఈలోగా అది పెరగకుండా ఉండడమే అతడికి లాభం. చడీచప్పుడు లేకుండా, రోజుకు కొంత, ఇంతకు మించి ఇవ్వనని పరిమితి ధర పెట్టి కొంటాడు. ధరను పెంచేవాడికి నలుగురి కళ్ళూ కావాలి. నిజం తెలిసినవాడు ఆ కళ్ళను తప్పించుకుంటాడు.

కనుక నన్ను నేను ఒకే ప్రశ్న వేసుకున్నాను. ఈ 43 మంది ఎప్పుడు వచ్చారు, ఎప్పుడు వెళ్ళారు?

దీనికి జవాబు కంపెనీ దగ్గరే ఉంది. ప్రతి శుక్రవారం నాటికి ఎవరి డీమ్యాట్ ఖాతాలో మా షేర్లు ఎన్ని ఉన్నాయో ఆ ఖాతాలను నిర్వహించే డిపాజిటరీల నుంచి, మా వాటాదారుల లెక్కలు చూసే రిజిస్ట్రార్ ద్వారా మాకు జాబితా అందుతుంది. దీన్ని బెన్‌పాస్ అంటాము. 2023 జనవరి నుంచి లావాదేవీ మరుసటి పని దినానికే పరిష్కారమవుతోంది. కనుక శుక్రవారం జాబితాలో గురువారం దాకా కొన్నవి కనిపిస్తాయి. ఏడు శుక్రవారాల జాబితాలను పక్కపక్కన పెట్టి 43 పేర్లను వెతికాను.

ఫలితం స్పష్టంగా మూడు పాయలుగా విడిపోయింది. 29 మంది నాలుగో వారంలో, అంటే టెలిగ్రామ్ సందేశాల తరువాతే కొత్తగా వచ్చారు. వారిలో 24 మంది ప్రకటన రోజుకు ముందే మొత్తం అమ్మేసి వెళ్ళిపోయారు. వార్త తెలిసినవాడు వార్తకు ముందు అమ్ముకుని పోడు. ఆ 24 మంది ఎంత లాభపడ్డా, ఎంత నష్టపోయినా, యూనిట్ అమ్మకం సంగతి వారికి తెలియదనడానికి అంతకన్నా మంచి ఆధారం లేదు. ఆ సందేశాలు పెట్టించినవారు ఎవరు, ముందుగా కొనిపెట్టుకుని ఆ గిరాకీలోకి ఎవరు అమ్మారు అన్నది వేరే కేసు. దాన్ని ఎక్స్ఛేంజి వేరుగానే చూసింది. ఆర్డర్ల వివరాలు కంపెనీకి అందవు కనుక అందులో మేము చెప్పగలిగింది కూడా ఏమీ లేదు.

ఇంకో 11 మంది పాత వాటాదారులు. ఎప్పటిలాగే కొద్దికొద్దిగా పెంచుకున్నారు.

మిగిలిన ముగ్గురు కొత్తవారు. సందేశాలకు ముందే కొన్నారు, వార్త దాకా ఉంచుకున్నారు. వారిలో ఒక పేరు పక్కన ఈ అంకెలు ఉన్నాయి: సున్నా, 4,000, 10,500, 18,000. మొదటి మూడు శుక్రవారాల్లో మూడు మెట్లు. నాలుగో వారం ధర 216కు చేరినా అందులోంచి ఒక్క షేరు తగ్గలేదు. కొత్తగా మా షేరులోకి వచ్చిన వ్యక్తి సగటున 199 రూపాయలకు కొని, మూడు వారాల్లో 17 రూపాయలు పెరిగితే కనీసం కొంతైనా అమ్ముకోవాలనుకుంటాడు. ఇతడికి ఆ తొందర లేదు. మా షేరులో రోజుకు సగటున 60,000 షేర్లు చేతులు మారతాయి. ఇతడు కొన్నది రోజుకు దాదాపు 1,500. కొంటున్నప్పుడు ఏ నిఘా వ్యవస్థా గుర్తించలేనంత చిన్న మొత్తం.

ఆపరేటర్లు ఉన్నమాట నిజమే. కాని వారు వచ్చేనాటికి ఇతడి కొనుగోలు పూర్తయిపోయింది.

విఫలమైనవి

ఇక్కడ నేను చేసిన పొరపాట్లు రెండు. మొదటిది ప్రశ్నావళి.

లేఖకు జవాబివ్వడానికి గడువు పది రోజులే. అందువల్ల బెన్‌పాస్ విశ్లేషణ పూర్తికాక ముందే, రెండో రోజునే, 43 పేర్ల జాబితాను డైరెక్టర్లకు, ఇటువంటి సమాచారం అందే అవకాశం ఉందని కంపెనీ ముందే గుర్తించిన ఉద్యోగులకు, అంటే డిజిగ్నేటెడ్ పర్సన్లకు, మెయిల్‌లో పంపాను. మొత్తం 61 మంది. వీరిలో ఎవరైనా మీకు తెలుసా అని అడిగాను. 61 మందీ తెలియదనే రాశారు. సగం మంది జవాబులు గంటలోపే వచ్చాయి. 43 పేర్లను నిజంగా చదివినవారు ఎంతమందో అప్పుడే అనుమానం కలగాల్సింది.

ఆ ప్రశ్నలోనే లోపం ఉంది. ఎక్స్ఛేంజి పంపేది పాన్ కార్డులోని పేరు. మనం మనుషులను అలా ఎరగము. ఇంట్లో బుజ్జి మామయ్య, ఊరిలో కరణంగారి రెండో అబ్బాయి, ఆఫీసులో ఇంటిపేరు ముందు రెండు పొడి అక్షరాలు. పూర్తి పేరు రాసి చూపిస్తే సొంత బాబాయినీ గుర్తుపట్టనివారున్నారు. పైగా నేను అడిగింది జాబితాలో ఉన్న 61 మందినే. వారికి వెలుపల ఈ సంగతి ఎవరికి తెలుసో తేల్చకుండా లోపలివారిని అడిగి లాభమేమిటి?

అంతకన్నా పెద్ద నష్టం మరొకటి ఉంది. ఎవరి మీద దృష్టి పడిందో కంపెనీ మొత్తానికి నేనే తెలియజేసినట్లయింది. తప్పుచేసినవారికి ఫోనులో సందేశాలు తుడిచేసుకోవడానికి సమయం ఇచ్చాను. తప్పు లేనివారి పేర్లు నలుగురి నోళ్ళలో పడ్డాయి. ముందు మెయిళ్ళు, కొనుగోలుదారు కోసం పత్రాలు ఉంచిన ఆన్‌లైన్ డేటా రూమ్ లాగిన్‌లు, ప్రింటర్ రికార్డులు భద్రం చేయించి, ఆ తరువాత అవసరమైన వారిని ఒక్కొక్కరిని కూర్చోబెట్టి అడగవలసింది. ఆ క్రమం తప్పింది నావల్లే.

రెండోది మరింత ఇబ్బందికరమైనది. అప్రకటిత సమాచారం ఎవరితో పంచుకున్నా వారి పేరు, పాన్, తేదీ, కారణం ఒక డిజిటల్ డేటాబేస్‌లో నమోదు చేయాలి. దాన్ని కంపెనీ లోపలే నిర్వహించాలి. రాసిన సమయం మారకుండా దానంతట అది నమోదు కావాలి. మా డేటాబేస్ తెరిస్తే 22 పేర్లు ఉన్నాయి. అన్నీ ఒకే మధ్యాహ్నం ఎక్కించినవి. మూడో వారం బుధవారం, షరతుల పత్రంపై సంతకాలైన రోజు. గోప్యత ఒప్పందం జరిగి అప్పటికి ఏడు వారాలు దాటింది. ఒప్పందం సంగతి నాకు మొదట్లోనే తెలుసు. "ఇంకా ఏమీ తేలలేదు, తేలాక రాద్దాం" అంటే సర్దుకుపోయాను.

ఇప్పుడు యాజమాన్యం నుంచి రెండు సూచనలు వచ్చాయి. ఒకటి, నమోదు తేదీలను వెనక్కి జరపడం. దాన్ని ఆలోచించే పని కూడా లేదని చెప్పాను. నైతికత ఒక కారణమైతే, సాఫ్ట్‌వేర్‌లో సంఘటన తేదీ ఒక గడిలోనూ నమోదైన సమయం వేరే గడిలోనూ ఉండడం మరో కారణం. రెండో గడిని ఎవరూ ముట్టుకోలేరు. ఆలస్యంగా రాయడం లోపం. తేదీ మార్చడం ఆధారాలను తారుమారు చేయడం. మొదటిదానికి వివరణ ఇవ్వవచ్చు, రెండోదానికి వివరణ ఉండదు.

రెండో సూచన తెలివైనది, అందుకే ఎక్కువ ప్రమాదకరం. అప్రకటిత సమాచారం పుట్టిందే షరతుల పత్రం రోజున అని రాద్దామన్నారు. అంతకుముందు ఉన్నవి వట్టి మాటలేనని వాదన. ఇలా రాస్తే మా ఆలస్యం మాయమవుతుంది. దానితో పాటు, మొదటి రెండు వారాల్లో కొన్న 10,500 షేర్లు కూడా నిషేధ కాలానికి వెలుపల పడి నిర్దోషంగా మారిపోతాయి. కేసు మొత్తం ఈ ఒక్క తేదీ మీద నిలబడి ఉంది.

నా వాదన ఇలా సాగింది. చర్చ కేవలం ఊహ అయితే గోప్యత ఒప్పందం ఎందుకు చేసుకున్నాము? ధర శ్రేణి లేఖగా వచ్చి, దాని ఆధారంగా కొనుగోలుదారు బృందం కర్మాగారం చూడడానికి వచ్చిందంటే, ఆ దశలో ఏ వాటాదారుడికి ఈ సంగతి తెలిసినా షేరు కొనాలా వద్దా అన్న నిర్ణయం మారదా? మారుతుందంటే అది అప్రకటిత సమాచారమే. ఒప్పందం కుదరకపోయే అవకాశం ఉండడం వల్ల అది సమాచారం కాకుండా పోదు. చివరికి ఆడిట్ కమిటీ అధ్యక్షుల జోక్యంతో, ప్రతి దశ తేదీనీ దాని పత్రంతో సహా ఉన్నదున్నట్లు రాసి, ఏది మొదలని నిర్ణయించే పని నియంత్రణ సంస్థకే వదిలాము. డేటాబేస్ ఆలస్యాన్ని కూడా మేమే ముందుగా రాసి ఇచ్చాము.

పనిచేసిన మార్గం

మనుషుల జ్ఞాపకాలను పక్కనపెట్టి, వారు వదిలిన జాడలు వెతికాము. లీకైన సమాచారంపై విచారణ జరపడానికి ప్రతి లిస్టెడ్ కంపెనీకీ రాతపూర్వక విధానం ఉండాలని నిబంధనల్లోనే ఉంది. ఆ విధానం ప్రకారం ఆడిట్ కమిటీ అనుమతి తీసుకుని నేను, ఐటీ విభాగాధిపతి, బయటి న్యాయవాది ఒకరు కూర్చున్నాము. మీటింగు పిలుపులు, కార్ల బిల్లులు, అతిథిగృహం బుకింగులు, డేటా రూమ్‌లో ఎవరు ఏ ఫైలు ఎప్పుడు తెరిచారు అన్న రికార్డు, ఇవన్నీ ఒకే పట్టికలో తేదీలవారీగా ఎక్కించాము. పక్కన ఆ మూడు మెట్ల ఖాతా తేదీలు పెట్టాము.

మొదటి మెట్టు మొదటి వారం శుక్రవారం జాబితాలో ఉంది. అంటే కొనుగోలు గురువారం లోపు జరిగింది. అంతకుముందు వారం జాబితాలో సున్నా. హెడ్డాఫీసులో ఆ మధ్య రోజుల్లో ఈ వ్యవహారానికి సంబంధించి ఒక్క సమావేశమూ లేదు, ఒక్క పత్రమూ కదల్లేదు. గోప్యత ఒప్పందం, ధర లేఖ అప్పటికి పాతబడ్డాయి. వాటి ద్వారా లీకై ఉంటే కొనుగోళ్లు అప్పుడే మొదలయ్యేవి. ఆ వారంలో జరిగిన ఒకే ఒక్క సంఘటన మంగళవారం నాటి కర్మాగార సందర్శన. మేము అంతదాకా హెడ్డాఫీసులో వెతుకుతున్నాము. నీళ్ళు కారింది కర్మాగారంలో.

ఆ సందర్శనను కర్మాగారంలో "కస్టమర్ ఆడిట్" అని చెప్పి ఉంచాము. కాని గేటు రిజిస్టరు తెప్పించి చూస్తే, వచ్చిన తొమ్మిది మందిలో ఒకరు ఆస్తుల విలువ కట్టే సంస్థ పేరు రాసి సంతకం చేశారు. కస్టమర్ ఆడిట్‌కు విలువ కట్టేవారు రారు. పైగా భూమి పత్రాలు, కాలుష్య నియంత్రణ మండలి అనుమతులు మరో యజమాని పేరు మీదికి బదిలీ అవుతాయా అని అడిగి తీసుకున్నారు. ఆ పత్రాలు సిద్ధం చేసి ఇచ్చినవారికి వివరించి చెప్పనక్కరలేదు, విషయం అర్థమైపోతుంది. కర్మాగారంలో అలా అర్థమైనవారు కనీసం ఐదుగురు. ఆ ఐదుగురిలో ఒక్కరి పేరు కూడా మా డేటాబేస్‌లో లేదు, డిజిగ్నేటెడ్ పర్సన్ల జాబితాలోనూ లేదు.

జాబితాలో లేనంత మాత్రాన వారు ఇన్‌సైడర్లు కాకుండా పోరు. కంపెనీ ఉద్యోగి ఎవరైనా నిబంధనల దృష్టిలో సంబంధిత వ్యక్తే. డిజిగ్నేటెడ్ పర్సన్ల జాబితా ముందస్తు అనుమతులు, కొన్ని రోజుల పాటు కొనుగోళ్లు, అమ్మకాలు ఆపే ట్రేడింగ్ విండో మూసివేత వంటి అంతర్గత క్రమశిక్షణ కోసం పెట్టుకున్నది. చట్టం గీసిన గీత దానికన్నా చాలా విశాలం. ఇంత అనుభవం ఉండీ ఆ రెంటినీ ఒకటిగా చూసినందుకే నా ప్రశ్నావళి తప్పు మనుషులకు వెళ్ళింది.

ఇక బంధుత్వం. ఫోను రికార్డులు, బ్యాంకు ఖాతాలు కంపెనీ చూడజాలదు, చూడకూడదు కూడా. మా దగ్గర ఉన్నది ఉద్యోగులు స్వయంగా ఇచ్చిన సమాచారం. సామూహిక ఆరోగ్య బీమాలో ఆధారపడిన కుటుంబ సభ్యుల పేర్లు ఉంటాయి. వైద్యం కోసం ఇచ్చిన వివరాలను విచారణకు వాడవచ్చా అని చాలాసేపు తర్కించుకున్నాము. ఐదుగురి వరకే, ఆడిట్ కమిటీ రాతపూర్వక అనుమతితో, పేర్లు సరిపోల్చడానికి మాత్రమే చూడాలని నిర్ణయించుకున్నాము. నాలుగో వ్యక్తి పత్రంలో మామగారి పేరు కనిపించింది. అదే పేరు, అదే పుట్టిన సంవత్సరం. పాన్ పక్కన పెట్టి చూస్తే సందేహం మిగల్లేదు.

జీవిత భాగస్వామి తల్లిదండ్రులు ఆర్థికంగా ఆధారపడినవారైతే వారు నిబంధనల ప్రకారం దగ్గరి బంధువులే. 2024 డిసెంబరులో వచ్చిన సవరణ ఈ బంధుత్వాల పరిధిని ఇంకా పెంచింది.

రాయకుండా ఉండవలసినది

ఈ వెతుకులాటలో మరో పోలిక కూడా దొరికింది. పాత వాటాదారులు 11 మందిలో ఒకరు మా డైరెక్టర్ ఒకరికి సొంత ఊరివారు, దూరపు బంధువు. ప్రశ్నావళికి ఆ డైరెక్టర్ తెలియదని రాశారు. గట్టిగా అడిగితే గుర్తుపట్టలేదన్నారు. ఇద్దరినీ అనుమానించడం ఎంత తేలికో చూడండి: ఒకే ఊరు, బంధుత్వం, ప్రకటనకు ముందు కొనుగోలు, పైగా తెలియదన్న జవాబు.

కాని రెండేళ్ళ బెన్‌పాస్ తిరగేస్తే ఆయన ప్రతి మూడు నెలలకూ ఒకసారి దాదాపు ఇన్నే షేర్లు కొంటూ వస్తున్నారు. ప్రకటన తరువాత ఒక్కటీ అమ్మలేదు. 2022 ఏప్రిల్‌లో బలరామ్ గార్గ్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయమే స్పష్టం చేసింది. బంధుత్వం ఉంది, కొన్న సమయం అనుమానాస్పదంగా ఉంది అన్నంత మాత్రాన సమాచారం చేతులు మారిందని అనుకోకూడదు, దానికి తగిన ఆధారం చూపాలి.

అందువల్ల మా జవాబులో "అనుమానాస్పదం" అన్న మాట ఎక్కడా వాడలేదు. ఆ మామగారు, ఈ పాత వాటాదారు ఇద్దరి విషయంలోనూ బంధుత్వాన్ని, బెన్‌పాస్ అంకెలను పక్కపక్కన ఇచ్చాము. మూడు మెట్ల ఖాతా విషయంలో గేటు రిజిస్టరు పేజీ జతచేశాము. కొత్తగా వచ్చిన మిగతా ఇద్దరికి మా వైపు ఏ సంబంధమూ కనిపించలేదని రాశాము. తేల్చే అధికారం, అందుకు కావలసిన పరికరాలు సెబీవి.

సెబీ చేసినది

కంపెనీ దగ్గర లేనివి సెబీ తెప్పించుకోగలదు. కేవైసీ పత్రాల్లో ఉమ్మడి ఫోను నంబరు, చిరునామా ఉన్నాయేమో చూస్తుంది. కాల్ వివరాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు అడుగుతుంది. సమన్లు పంపి ప్రమాణం మీద వాంగ్మూలం తీసుకుంటుంది.

ఆ ఉద్యోగి మాతో చెప్పిన మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. "యూనిట్ అమ్మేస్తున్నారట, నా ఉద్యోగం ఏమవుతుందో అని ఇంట్లో బాధపడ్డాను. అంతే మేడమ్. మామయ్యగారు షేర్లు కొంటారని నేను అనుకోలేదు." ఆ మాటలో నిజం ఉండవచ్చుననే అప్పట్లో నమ్మాను. పదిహేనేళ్ళుగా పనిచేస్తున్న చోటు చేతులు మారుతుందని తెలిసినవాడు భార్యతో చెప్పుకోకుండా ఉండగలడా? చట్టం దృష్టిలో అదీ ఉల్లంఘనే అయినా, దాన్ని దురాశతో సమానంగా చూడలేకపోయాను.

బ్యాంకు స్టేట్‌మెంట్లు వచ్చాక ఆ నమ్మకం నిలవలేదు. ఆ డీమ్యాట్ ఖాతా పద్నాలుగు నెలలుగా కదలకుండా ఉంది. షేర్లకు పెట్టిన సుమారు 36 లక్షల్లో ఎక్కువ భాగం మామగారు డిపాజిట్ రద్దు చేసుకుని తెచ్చినవి. మరో 9 లక్షలు మాత్రం రెండో వారంలో అల్లుడి ఖాతా నుంచి వచ్చాయి. సందర్శన జరిగిన రాత్రి ఇద్దరి మధ్యా రెండు ఫోను కాల్స్ ఉన్నాయి. వాటిలో ఏమి మాట్లాడుకున్నారో ఏ రికార్డూ చెప్పదు. బంధుత్వం, తెలుసుకునే అవకాశం, కాల్స్ సమయం, నిధుల బదిలీ, ఒకే షేరులో కేంద్రీకరించిన కొనుగోలు, వార్త రాగానే మూడు రోజుల్లో మొత్తం అమ్మకం, వీటన్నింటినీ గొలుసుగా కూర్చితేనే ఆ మౌనం నిండింది. వీటిలో ఏ ఒక్కటీ విడిగా నిలబడేది కాదు.

వచ్చిన లాభం 10 లక్షల 60 వేలు. దాన్ని వడ్డీతో సహా వెనక్కి కట్టాలని, కొంతకాలం మార్కెట్‌కు దూరంగా ఉండాలని, ఇద్దరూ జరిమానా చెల్లించాలని ఉత్తర్వు వచ్చింది. ఇన్‌సైడర్ ట్రేడింగ్‌కు సెబీ చట్టంలో కనీస జరిమానాయే 10 లక్షలు. గరిష్ఠంగా 25 కోట్లు లేదా లాభానికి మూడు రెట్లు, ఏది ఎక్కువైతే అది. డేటాబేస్ ఆలస్యానికి కంపెనీకి, నాకు వేరుగా హెచ్చరిక అందింది. అది న్యాయమే.

తరువాత మార్చుకున్నవి

ఇప్పుడు ఏ లావాదేవీ అయినా గోప్యత ఒప్పందంపై సంతకాలైన రోజే డేటాబేస్‌లో దానికొక కోడ్ పేరు పెట్టి తెరుస్తాను. తేలలేదన్న మాటను ఒప్పుకోను. తేలకపోతే మూసేయవచ్చు, రాయకుండా ఉంచడానికి అది కారణం కాదు.

పేర్ల జాబితాను పదవుల ప్రకారం తయారుచేయడం మానేశాను. పత్రం ఎవరి చేతుల మీదుగా తయారవుతుంది, కారు ఎవరు పంపుతారు, గది ఎవరు బుక్ చేస్తారు, పాత ఫైళ్ళు ఎవరి బీరువాలో ఉన్నాయి అని అడుగుతూ వెళ్తాను. ఒక సందర్శనకు ఇలా అడిగితే మొదటిసారి 22కు బదులు 41 పేర్లు వచ్చాయి. ఆ 41 మందికీ ముందుగా ఒక చిన్న లేఖ ఇస్తాను: ఈ సంగతి మీకు తెలుసని నమోదైంది, మీ కుటుంబంలో ఎవరూ ఈ షేరు కొనకూడదు, ఇంట్లో చెప్పడం కూడా ఉల్లంఘనే. ఉద్యోగ భద్రత గురించిన ప్రశ్నలుంటే ఎవరిని కలవాలో అందులోనే రాస్తాను. కర్మాగారంలో మనిషి భయపడేది మొదట దాని గురించే.

బయటివారు కర్మాగారానికి వచ్చే ముందు గేటు పాసు నా సంతకం లేనిదే వెళ్ళదు. పాసు మీద సంతకం పెట్టే ముందు డేటాబేస్‌లో ఆ సందర్శన నమోదైందో లేదో చూస్తాను. వచ్చేవారు రిజిస్టరులో ఏ సంస్థ పేరు రాయాలో కూడా ముందే మాట్లాడుకుంటాము. అబద్ధపు పేరు రాయించము. విలువ కట్టేవారు వస్తున్నారని తెలియవలసినవారికి ముందే చెప్పి, వారి పేర్లు ఎక్కించి, తరువాతే గేటు తెరుస్తాము.